480 కోట్ల కంపెనీలో ఆ 480 కోట్లు ఎక్కడున్నాయి?

2025 జులై నెలాఖరులో పాలకొల్లు దగ్గరి ఊరి నుంచి ఒక రైతు భీమవరంలోని మా ఆఫీసుకు వచ్చారు. ఎనిమిదెకరాల వనామీ రొయ్యల చెరువులు, మూడెకరాల వరి పొలం ఉన్న మనిషి. పదేళ్లుగా ఆయన లెక్కలు నేనే చూస్తున్నాను. మా నాన్నగారి స్నేహితుడు కాబట్టి బాబాయ్ అని పిలుస్తాను. చెరువు పట్టుబడి అయింది, మేతకొట్టు అప్పు తీరింది, ఇంకా పది లక్షలు మిగిలాయి. ఆ పది లక్షలూ ఒకే షేరులో పెడదామని వచ్చారు.

జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. హైదరాబాద్‌లో ఉండే మేనల్లుడు ఫోన్‌లో పంపిన వివరాలను చేత్తో రాసుకున్నారు. రొయ్యలు శుద్ధి చేసి విదేశాలకు పంపే ఒక లిస్టెడ్ కంపెనీ. షేరు ధర 160 రూపాయలు, మార్కెట్ క్యాప్ 480 కోట్లు, ఏడాది అమ్మకాలు 900 కోట్లు, నెట్‌వర్త్ 510 కోట్లు.

"480 కోట్ల కంపెనీ అంట బాబూ. ఏడాదికి 900 కోట్లు వస్తున్నాయంట. ఆస్తులే 510 కోట్లంట. ఏడాది తిరక్కుండా పెట్టినదానికి రెట్టింపు వచ్చేస్తుంది కదండీ. ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది?"

ఈ మాట నేను నెలకొకసారైనా వింటాను. మూడు అంకెలూ కోట్లలోనే ఉంటాయి కాబట్టి ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చేయాలనిపిస్తుంది. కానీ ఆ మూడూ మూడు వేరు వేరు విషయాలు చెబుతాయి. ఆ రోజు ఆయనతో కూర్చుని చేసిన లెక్కనే ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. అంకెల పాళ్లు చెడకుండా, లెక్క సులువుగా ఉండేలా గుండ్రం చేశాను.

ముందు ఆ 480 ఎలా వచ్చిందో

మార్కెట్ క్యాప్ లెక్క ఒక్క గుణకారం. షేరు ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తే అదే. ఈ కంపెనీకి 3 కోట్ల షేర్లున్నాయి. 160తో గుణిస్తే 480 కోట్లు. ఇందులో కంపెనీ బ్యాంకు ఖాతా లేదు, ప్లాంటు లేదు, లాభం లేదు. మన పేపర్లలో దీన్ని "మార్కెట్ విలువ" అని రాస్తారు. విలువ అనేసరికి లోపల ఎక్కడో అంత డబ్బు ఉందనుకుంటాం.

నేను వెబ్‌సైట్ తెరిచి చూపించబోతే మొదటే ఒక చిక్కు ఎదురైంది. ఒక సైట్‌లో 480 కోట్లు అని ఉంది, ఇంకో సైట్‌లో 400 కోట్లు అని ఉంది. రెండింటిలోనూ షేరు ధర 160 రూపాయలే. ధర ఒకటే అయినప్పుడు తేడా షేర్ల సంఖ్యలోనే ఉండాలి. ఎక్స్ఛేంజీకి కంపెనీ ప్రతి మూడు నెలలకూ ఇచ్చే వాటాదారుల వివరాల పట్టిక తీశాను. అంతకుముందు 2.5 కోట్ల షేర్లుండేవి. కంపెనీని నడిపే ప్రమోటర్లు, ముందే అనుకున్న ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కుగా వారంట్లు తీసుకున్నారు. అవి షేర్లుగా మారి మరో 50 లక్షల షేర్లు కలిశాయి. రెండో సైట్ ఇంకా పాత సంఖ్యతోనే గుణిస్తోంది. మార్కెట్ క్యాప్‌లో అనుమానం వస్తే నేను ఎప్పుడూ ఈ పట్టికకే వెళ్తాను. సైట్ మీద కనిపించే అంకె ఎవరో వేసిన లెక్క, పట్టిక కంపెనీ సంతకం పెట్టి ఇచ్చిన కాగితం.

ఆ 50 లక్షల షేర్లను కంపెనీ ఒక్కోటి 150 రూపాయలకు ఇచ్చింది. అంటే 75 కోట్లు నిజంగా కంపెనీ ఖాతాలోకి వచ్చాయి. కంపెనీ కొత్త షేర్లు ఇచ్చినప్పుడు మాత్రమే షేరు డబ్బు దాని చేతికి వెళ్తుంది. బాబాయ్ తన పది లక్షలతో మార్కెట్లో షేర్లు కొంటే ఆ డబ్బు ఎవరో ఇంకో వాటాదారుడికి చేరుతుంది తప్ప కంపెనీకి ఒక్క రూపాయి కూడా రాదు. ఇది చెప్పినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. "అయితే నేను పెట్టేది కంపెనీలో కాదన్నమాట" అన్నారు.

షేరు ధర 160 కాబట్టి చవక, పక్క కంపెనీది 700 కాబట్టి ఖరీదు అన్న మాట కూడా మేనల్లుడు చెప్పాడట. దానికి మన కళ్ల ముందు జరిగిన ఉదాహరణే చెప్పాను. కొవ్వూరులో మేత ఫ్యాక్టరీ ఉన్న అవంతి ఫీడ్స్ 2018లో 2 రూపాయల ముఖ విలువ షేరును రెండు 1 రూపాయి షేర్లుగా విడగొట్టింది, పైగా ప్రతి రెండు షేర్లకు ఒక బోనస్ షేరు ఇచ్చింది. ఒక షేరున్న చోట మూడయ్యాయి. దానికి తగ్గట్టు ధర మూడో వంతుకు సర్దుకుంది. ఫ్యాక్టరీలో ఒక్క బస్తా మేత ఎక్కువ తయారవలేదు, తక్కువ తయారవలేదు. షేరు ధర ఒక్కటే చూస్తే చవకో ఖరీదో తెలియదు.

పొలం మీద వేసిన లెక్క

షేర్ల భాషలో చెబితే ఎక్కదనిపించి, ఆయన మూడెకరాల వరి పొలం సంగతి అడిగాను. "మీ పొలం ఇప్పుడు ఎంత చేస్తుంది బాబాయ్?"

"పోయిన మాఘమాసంలో పక్క గట్టాయన ఎకరం 50 లక్షలకు ఇచ్చాడు. మనది కోటిన్నర పలుకుతుంది."

"కౌలు ఎంత వస్తోంది?"

"రెండు పంటలకూ కలిపి ఎకరానికి 50 వేలు."

"దస్తావేజులో ఎంతుంది?"

ఆయన నవ్వారు. వాళ్ల నాన్నగారు 1974లో కొన్నప్పుడు ఎకరం 6 వేలు.

కాగితం మీద మూడూ రాశాను. పక్క గట్టాయన అమ్మిన ధరతో లెక్కిస్తే కోటిన్నర. ఏడాది కౌలు లక్షన్నర. దస్తావేజు మీద 18 వేలు. ఒకే పొలం, మూడు అంకెలు, ఏదీ అబద్ధం కాదు. కోటిన్నర అన్నది ఆయన అమ్మని పొలానికి పక్క పొలం ధరను బట్టి వేసిన లెక్క. మార్కెట్ క్యాప్ అచ్చంగా ఇదే. ఆ రోజు చేతులు మారిన కొద్దిపాటి షేర్ల చివరి ధర తీసుకుని, కదలని షేర్లన్నింటికీ అదే ధర కట్టడం. కౌలు అంటే కంపెనీ లాభం. దస్తావేజు ధర అంటే కంపెనీ పుస్తకాల్లో ఉన్న విలువ.

ఇంకో సంగతి ఆయనే గమనించారు. లక్షన్నర కౌలు వచ్చే పొలానికి కోటిన్నర ధర అంటే వందేళ్ల కౌలు. అయినా పొలం కొనేవాడు ఉన్నాడు. ఎందుకంటే కొనేవాడు ఈ ఏడాది కౌలు చూసి కొనడు. రోడ్డు పడుతుందనో, చెరువు తవ్వుకోవచ్చనో, ధర పెరుగుతుందనో, కనీసం చేతిలో ఉంటే ధైర్యమనో కొంటాడు. షేరు కొనేవాడూ రాబోయేదాన్నే కొంటాడు. అందుకే మార్కెట్ క్యాప్ ఈ ఏడాది లాభంతో సమానంగా ఉండాల్సిన అవసరమే లేదు.

900 కోట్లు వచ్చి 21 కోట్లు మిగలడం

ఇక 900 కోట్ల దగ్గరికి వచ్చాం. అది అమ్మకాల మొత్తం. ఆయన చెరువు లెక్కతో మొదలుపెట్టాను. "పట్టుబడికి వచ్చిన డబ్బంతా మీదేనా బాబాయ్?" అంటే, "ఎక్కడండీ, సీడు, మేత, కరెంటు, డీజిలు, మందులు పోగా కదా" అన్నారు. ప్రాసెసింగ్ కంపెనీకీ అంతే.

లాభనష్టాల పట్టికలో పైనుంచి కిందికి దిగాం. 900లో 660 కోట్లు రైతుల దగ్గర రొయ్య కొనడానికే పోయాయి. కూలీలు, కరెంటు, ఐసు, ప్యాకింగ్, కంటైనర్ల కిరాయి, ఇతర ఖర్చులు కలిపి 170 కోట్లు. మిగిలింది 70. యంత్రాల తరుగుదల 28, బ్యాంకు వడ్డీ 14 తీసేస్తే 28 కోట్లు. దాని మీద పన్ను 7 కోట్లు. చివరికి నికర లాభం 21 కోట్లు. నూరు రూపాయల సరుకు అమ్మితే వాటాదారులకు మిగిలింది రెండు రూపాయల చిల్లర.

అమ్మకాలను మార్కెట్ క్యాప్‌తో పోల్చడం ఇక్కడే బెడిసికొడుతుంది. అమ్మకాల డబ్బు మీద మొదటి హక్కు రైతుది, తర్వాత కూలీది, కరెంటు సంస్థది, బ్యాంకుది, ప్రభుత్వానిది. వాటాదారుడిది చివరి వరస. మార్కెట్ క్యాప్ ఆ చివరి వరసలో కూర్చున్నవాడి వాటాకు కట్టిన ధర. 480ని 21తో భాగిస్తే దాదాపు 23. లాభం ఇలాగే ఉండి, ఒక్క రూపాయి పోకుండా మొత్తం పంచితే పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి 23 ఏళ్లు. "ఏడాదిలో రెట్టింపు" అన్న మనిషికి ఈ 23 గట్టిగా తగిలింది.

అయితే ఇక్కడ నేను ఆయన్ను ఇంకో వైపు పడిపోనివ్వలేదు. 23 అని చూసి ఖరీదైనదని కొట్టేయడం కూడా తొందరపాటే. ఈ వ్యాపారంలో లాభం సన్నటి దారం మీద నడుస్తుంది. 900 కోట్ల అమ్మకాల మీద నూటికి మరో మూడు రూపాయల చొప్పున మిగిలితే పన్నుకు ముందు లాభం 28 నుంచి 55 కోట్లకు పోతుంది. అదే మూడు రూపాయలు తగ్గితే దాదాపు ఏమీ మిగలదు. కాబట్టి ఒక్క ఏడాది లాభాన్ని పట్టుకుని మార్కెట్ క్యాప్‌ను భాగించడం, ఒక్క పట్టుబడి చూసి చెరువు ధర కట్టినట్టు ఉంటుంది. నేను ఇలాంటి కంపెనీలకు కనీసం ఐదారేళ్ల లాభాలు చూస్తాను. రొయ్యలకు వైట్‌స్పాట్ తెగులు పడిన ఏడాది కూడా అందులో ఉండాలి.

510 కోట్ల ఆస్తి ఉంటే 480కి ఎందుకు ఇస్తున్నారు?

ఆయన్ను అన్నిటికన్నా ఎక్కువ ఊరించింది ఇదే. 510 కోట్ల సొత్తు 480కి దొరుకుతుంటే 30 కోట్లు ఊరికే వచ్చినట్టే కదా అని.

బ్యాలెన్స్ షీట్ తెరిచాం. మొత్తం ఆస్తులు 740 కోట్లు. అందులో బ్యాంకు అప్పు 140, ఇతరులకు ఇవ్వాల్సింది 90 తీసేస్తే 510. ఇదే నెట్‌వర్త్. ఇప్పుడు ఆ 740లో ఏమేం ఉన్నాయో చూశాం. స్థలం, భవనాలు, యంత్రాలు 330 కోట్లు. కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టించి ఉంచిన రొయ్య నిల్వ 180. విదేశీ కొనుగోలుదారుల నుంచి రావాల్సింది 160. చేతిలో ఉన్న నగదు 20. మిగతావి 50. బాబాయ్ మొదట వెతికిన 480 కోట్లు ఎక్కడా లేవు. నగదు 20 కోట్లే.

ఈ పట్టికలో అంకెలన్నీ ఒకే గట్టిదనంతో ఉండవు. ప్లాంటు కింద ఉన్న స్థలం కొన్నప్పటి ధరకే ఉంది, ఇప్పుడు అమ్మితే ఎన్నో రెట్లు పలకవచ్చు. అది ఆయన దస్తావేజు లాంటిది. అదే ప్లాంటులోని ఫ్రీజర్ యంత్రాలు తరుగుదల పోను పుస్తకంలో ఉన్న ధరకు బయట అమ్ముడుపోవు, వాటిని కొనేవాడు ఇంకో రొయ్యల కంపెనీయే అయి ఉండాలి. నిల్వ ఉన్న 180 కోట్ల సరుకును కొన్న ఖర్చు, అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువదానికి లెక్క కట్టాలని నియమం. ధరలు పడిపోతే ఆ అంకె తగ్గించాల్సిందే. అమెరికా కొనుగోలుదారు డబ్బు ఆలస్యం చేస్తే 160 కోట్లలో కొంత కాగితం మీదే ఉండిపోతుంది. మరోవైపు, యూరప్‌కు సరుకు పంపడానికి ప్లాంటుకు ఉన్న అనుమతి, ఇరవై ఏళ్లుగా ఒకే కంపెనీ దగ్గర కొంటున్న సూపర్ మార్కెట్ నమ్మకం, ఇవి పట్టికలో ఎక్కడా రాయరు.

అయినా మార్కెట్ 510 కన్నా తక్కువ ఎందుకు కడుతోంది? నాకు కనిపించిన పెద్ద కారణం ఒకటే. 510 కోట్ల సొంత డబ్బు మీద ఏడాదికి 21 కోట్లు సంపాదిస్తే నూటికి నాలుగు రూపాయలు. బ్యాంకు డిపాజిట్ ఇంతకన్నా ఎక్కువ ఇస్తుంది, పైగా దానికి వైట్‌స్పాట్ భయం లేదు. డబ్బును ఇంత మందంగా తిప్పే చోట రూపాయి ఆస్తికి రూపాయి ఇవ్వడానికి కొనేవాళ్లు వెనకాడతారు. కంపెనీని మూసి ఆస్తులు అమ్మి పంచితే 510 రావచ్చు, కానీ దాన్ని ఎవరూ మూయడం లేదు. 68 శాతం వాటా ఉన్న ప్రమోటర్లు నడుపుకుంటున్నారు. చిన్న వాటాదారుడు ఆ గోడల్లోని డబ్బును బయటికి తీసుకోలేడు.

అప్పు విషయం ఒక్క ముక్కలో. మొత్తం వ్యాపారాన్ని ఎవరైనా కొనాలంటే 480 ఇస్తే సరిపోదు. 140 కోట్ల అప్పు నెత్తికి వస్తుంది, 20 కోట్ల నగదు చేతికి వస్తుంది. అంటే నికరంగా 600 కోట్ల బరువు. తాకట్టులో ఉన్న పొలం కొంటే మీరు లెక్కేసేదీ ఇలాగే కదా అంటే, ఆయన వెంటనే తలూపారు.

ఆ రోజు ఆయన తీసుకున్న నిర్ణయంలో ఈ లెక్కలకన్నా ఇంకో మాట ఎక్కువ పనిచేసింది. ఆయన చెరువు ఆదాయం, ఈ కంపెనీ లాభం, రెండూ ఒకే అమెరికా కొనుగోలు మీద ఆధారపడి ఉన్నాయి. రొయ్యకు కష్టం వస్తే చెరువూ షేరూ ఒకే రోజు దెబ్బతింటాయి. పది లక్షలూ ఇందులో పెట్టొద్దని గట్టిగానే చెప్పాను. ఆయన 600 షేర్లు, 96 వేల రూపాయలకు కొన్నారు. మిగతాది డిపాజిట్‌లో వేశారు.

ఆగస్టు

ఆగస్టు 6న అమెరికా భారత సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం ప్రకటించింది. 27వ తేదీ నుంచి మొత్తం 50 శాతానికి చేరేలా. మర్నాడు ఈ షేరు 160 నుంచి 140కి పడింది. సాయంత్రం బాబాయ్ ఫోన్. "మూడు కోట్ల షేర్లు, ఇరవై రూపాయల చొప్పున అరవై కోట్లు ఆవిరైపోయాయి బాబూ. ఎవరు పట్టుకుపోయారంటారు?"

లెక్క తప్పులేదు. నేను ఆ రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయో చెప్పాను. మామూలు రోజు ఈ షేరు 40 వేలకు మించి కదలదు, ఆ రోజు రెండున్నర లక్షలు కదిలాయి. వాటి మొత్తం విలువ మూడున్నర కోట్ల పైచిలుకు. ఆ మూడున్నర కోట్ల బేరం మూడు కోట్ల షేర్ల మీద 60 కోట్లు తగ్గించి చూపింది. మిగిలిన 2 కోట్ల 97 లక్షల పైచిలుకు షేర్లు కదలనే లేదు, వాటికి కొత్త ధర అంటించారంతే. కంపెనీ ఖాతాలో నగదు పొద్దున ఎంతుందో సాయంత్రమూ అంతే ఉంది. కోల్డ్ స్టోరేజీలో ఒక్క పెట్టె తగ్గలేదు. పక్క గట్టాయన అవసరం కొద్దీ రేపు ఎకరం 40 లక్షలకు ఇచ్చేస్తే బాబాయ్ పొలం కోటీ ఇరవై అవుతుంది, ఆయన గట్టు మాత్రం జరగదు.

కానీ అది ఉత్తుత్తి నష్టమని నేను అనలేదు. కంపెనీ అమ్మకాల్లో సగానికి పైగా అమెరికాకే వెళ్తాయి. 50 శాతం సుంకం పడితే వచ్చే లాభాలు తగ్గుతాయని జనం అనుకున్నారు, దాన్నే ఆ ఒక్క రోజులో ధరలోకి తెచ్చారు. ఇక ఆ రోజు 140కి అమ్మినవాడికి ఆ ఇరవై రూపాయలు నిజంగానే పోయాయి.

ఒక తేడా ఇక్కడ చెప్పాలి. 68 శాతం ప్రమోటర్ల దగ్గర ఉంది కాబట్టి మార్కెట్లో తిరగగలిగేవి 96 లక్షల షేర్లే. సెన్సెక్స్‌ను 2003 నుంచి, నిఫ్టీని 2009 నుంచి ఇలా తిరిగే షేర్ల విలువతోనే లెక్కిస్తున్నారు, మొత్తం మార్కెట్ క్యాప్‌తో కాదు. తక్కువ షేర్లు తిరిగే చిన్న కంపెనీలో మార్కెట్ క్యాప్ అంకెను నేను ఎప్పుడూ కాస్త వదులుగానే పట్టుకుంటాను. ప్రమోటర్లు నిజంగా తమ రెండు కోట్ల షేర్లు అమ్మడానికి మార్కెట్‌కు వస్తే 160 దగ్గరో 140 దగ్గరో కొనేవాళ్లు దొరకరు.

"మరి కంపెనీకి నిజంగా దెబ్బ తగిలిందో లేదో ఎప్పుడు తెలుస్తుంది?" అని అడిగారు. సెప్టెంబరు త్రైమాసికం లెక్కలు నవంబరు 14లోపు వస్తాయి, వాటితోపాటు అర్ధ సంవత్సరం ఆస్తి అప్పుల పట్టిక కూడా ఇస్తారు, అందులో మూడు వరసలు చూద్దాం అన్నాను. సరుకు నిల్వ, రావాల్సిన బాకీలు, బ్యాంకు అప్పు. సరుకు అమ్ముడుపోకపోతే నిల్వ ఉబ్బుతుంది. దాన్ని మోయడానికి అప్పు పెరుగుతుంది. లాభం అంకె కన్నా ముందు అక్కడే తెలుస్తుంది. చెరువులో రొయ్యకు సుస్తీ చేస్తే, మేత తింటోందో లేదో చూడటానికి పెట్టే చెక్‌ట్రేలో ముందు మేత మిగిలిపోయినట్టు. ఆయన ఆ తారీకును మేత వేసిన లెక్క రాసుకునే పుస్తకం అట్ట మీద రాసుకున్నారు.

నవంబరులో లెక్కలు వచ్చాయి. నిల్వ 180 నుంచి 214 కోట్లకు, అప్పు 140 నుంచి 165కి పెరిగాయి. మూడు నెలల లాభం అంతకుముందు ఏడాది ఇదే కాలంలో 5 కోట్లుంటే ఇప్పుడు 3. దెబ్బ నిజంగా తగిలింది, కాగితం మీద కనిపించింది. అప్పటికి 131 దగ్గరున్న షేరు ఆ రోజు 139కి పెరిగింది.

ఆ సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. నేను చెప్పబోతుంటే ఆపి, "ఉండండి బాబూ, నేను చెబుతాను. అందరూ ఇంతకన్నా ఘోరంగా ఉంటుందని ముందే ధర దించేశారు. అంత ఘోరంగా లేదు, అదీ సంగతి" అన్నారు. తర్వాత మాట మార్చి, ఈసారి సీడు పలచగా వేస్తున్నామని, రొయ్య పెద్దదయ్యాకే పట్టిస్తామని చెప్పారు.